పదో తరగతి నామినల్ రోల్ సరిచూత – సర్క్యులర్

తెలంగాణ ఆదర్శ పాఠశాల
ప్రిన్సిపాల్ కార్యాలయం, ఖమ్మం జిల్లా

సర్క్యులర్ నం. 14/2025-26
తేదీ: 10-11-2025

విషయం: పదో తరగతి నామినల్ రోల్ వివరాల సరిచూత గురించి.

పదో తరగతి విద్యార్థుల తల్లిదండ్రులకు, క్లాస్ టీచర్లకు తెలియజేయునది.

నామినల్ రోల్ ప్రతులను ఈరోజు విద్యార్థులతో ఇంటికి పంపుతున్నాము. పేర్లు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు, ప్రథమ భాష సరిచూసి, సంతకంతో గురువారం (13-11-2025) మధ్యాహ్నం 1 గంటలోపు తిరిగి పంపగలరు.

ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క అక్షరంగా ఉండటంతోనే ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయి. రిజిస్టరులో ఉన్నదే ప్రామాణికం. తేడా కనిపిస్తే ముద్రించిన అక్షరాలను కొట్టివేయకుండా పక్కన ఎర్ర సిరాతో రాయండి. మెమో వచ్చాక ఒక్క అక్షరం దిద్దించాలన్నా పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ అవస్థ రాకూడదు.

క్లాస్ టీచర్లు ప్రతి ఎంట్రీని రిజిస్టరుతో పోల్చి సంతకం చేయాలి.

(సం.)
ప్రిన్సిపాల్

ప్రతులు: నోటీసు బోర్డు, కార్యాలయ ఫైలు