ఏడు రోజుల సైకిల్ టూర్: ఏ రోజు ఎంత దూరం, ఎన్ని గంటలు

మన టూర్ ప్లాన్ ఇది. ముగ్గురూ ఒకసారి పూర్తిగా చదవండి. మొత్తం 401 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 3,450 మీటర్లు. ఆరు రోజులు తొక్కుతాం, ఐదో రోజు విశ్రాంతి.

రోజుకు వంద కిలోమీటర్లు కొట్టేద్దామని మొదట అనుకున్నాం. నేను దాన్ని పక్కన పెట్టేశాను. మ్యాప్ మీద 54 కిలోమీటర్ల రోజు, 85 కిలోమీటర్ల రోజు ఈ ప్లాన్‌లో దాదాపు ఒకే సమయం తీసుకుంటున్నాయి. అందుకే ప్రతి రోజునూ గంటల్లో కొలిచి, దూరాన్ని దాన్నిబట్టి తేల్చాను. ఏ రోజూ ఏడు గంటలు దాటకూడదు, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా గది చేరాలి. ఈ రెండూ ముందే పెట్టుకున్న హద్దులు.

లెక్క ఎలా వేశానో చెప్తాను, దారిలో మార్చుకోవాల్సి వస్తే మీరే వేసుకోవచ్చు. చదును రోడ్డు మీద గంటకు 18 కిలోమీటర్లు. ఇది లగేజీతో చేసిన ట్రయల్ రైడ్‌లో మనలో అందరికంటే నెమ్మదిగా వచ్చినవారి స్పీడ్. ముందున్నవాళ్ల స్పీడ్‌తో ప్లాన్ వేస్తే వెనకవాళ్లకు రోజంతా తరుముకున్నట్టే ఉంటుంది. ఆ పైన, ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ 6 నిమిషాలు కలపాలి. డౌన్‌లో మిగిలే సమయాన్ని లెక్కలోకి తీసుకోలేదు, కావాలనే. 10 కిలోమీటర్ల అప్‌ను గంటకు 10 చొప్పున ఎక్కి, అంతే దూరం డౌన్‌లో 30 చొప్పున దిగితే సగటు 20 అనిపిస్తుంది. నిజానికి ఎక్కడానికి 60 నిమిషాలు, దిగడానికి 20, మొత్తం 80 నిమిషాల్లో 20 కిలోమీటర్లు. అంటే సగటు 15 మాత్రమే. అప్‌లో పోయిన టైమ్ డౌన్‌లో తిరిగి రాదు.

దాదాపు ప్రతి 20 కిలోమీటర్లకు ఒకసారి 10 నిమిషాల ఆగుడు, భోజనానికి 45 నిమిషాలు, పంక్చర్‌లాంటివాటికి అరగంట రిజర్వు. సైకిల్ మీటర్ ఆగిన సమయాన్ని లెక్కించదు కాబట్టి అది చూపించే సగటును నమ్మి గది చేరే టైమ్ అంచనా వేయకండి.

మొదటి రోజు: 60 కి.మీ., 250 మీటర్లు. తొక్కడం 3 గంటల 35 నిమిషాలు, ఆగుళ్లు, రిజర్వు కలిపి 5 గంటల 20 నిమిషాలు. ఉదయం 6కి బయల్దేరితే 11:20. తక్కువ పెట్టింది ఊరికే కాదు. బ్యాగుల పట్టీలు వదులవడం, సీటు ఎత్తు సరిపోకపోవడం ఈ రోజే బయటపడతాయి. సరిచేసుకోవడానికి మధ్యాహ్నమంతా మిగులుతుంది.

రెండో రోజు: 80 కి.మీ., 400 మీటర్లు. మొత్తం 6 గంటల 46 నిమిషాలు, చేరేది 12:46. రోడ్డు మంచిది, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. చెప్పడానికి ఇంకేం లేదు.

మూడో రోజు: 72 కి.మీ., 900 మీటర్లు. ఒకే పెద్ద అప్ కాదు, వరసగా చిన్న చిన్నవి. 6 గంటల 49 నిమిషాలు. ఇలాంటి రోడ్డు మీద ప్రతి మిట్టనూ ఊపులో ఎక్కేయాలనిపిస్తుంది. దయచేసి వద్దు. ఇక్కడే కాళ్ల బలమంతా ఖర్చు చేసేస్తే రేపటికి ఏమీ మిగలదు. మాట్లాడుతూ తొక్కగలిగినంత స్పీడ్ చాలు.

నాలుగో రోజు: 54 కి.మీ., 1,400 మీటర్లు. టూర్ మొత్తానికీ ఇదే అసలు రోజు. మొదటి 24 కిలోమీటర్లలో 320 మీటర్లు ఎక్కి ఘాట్ అడుగుకు చేరతాం. అక్కడి నుంచి 18 కిలోమీటర్లు, 1,080 మీటర్ల ఎత్తు, అంటే సగటున 6 శాతం వాలు. చివరి 12 కిలోమీటర్లు డౌన్.

ఈ రోజుకు 100 మీటర్లకు 6 నిమిషాల లెక్క చాలదు. మనిషి, సైకిల్, లగేజీ కలిపి సుమారు 97 కిలోలు. తాజాగా ఉన్న కాళ్లతో 150 వాట్ల బలం పెడితే ఆ 18 కిలోమీటర్లకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. కానీ మూడు రోజులు తొక్కాక అంత బలం నిలకడగా రాదు. అందుకే 8 నిమిషాలు వేశాను. ఘాట్‌కు 2 గంటల 26 నిమిషాలు, అంటే గంటకు 7.4 కిలోమీటర్లు. ఈ ఒక్క రోజుకు ఐదు ఆగుళ్లు. మొత్తం 6 గంటల 57 నిమిషాలు కాబట్టి ఉదయం 5:30కే కదులుదాం, ఎండ ముదరకముందే పైకి చేరాలి. లైట్లు ముందురోజు రాత్రే చార్జ్ చేసుకోండి.

గేర్ల సంగతి ఇప్పుడే చూసుకోవాలి. ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే, సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లతో గంటకు 7.5 కిలోమీటర్లు వస్తాయి, మనకు సరిగ్గా కావాల్సింది అదే. వెనక పెద్దది 28 మాత్రమే ఉన్నవారికి అదే స్పీడ్‌లో 49 చుట్లే పడతాయి, ప్రతి తొక్కుడూ మోకాలి మీద బరువే. బయల్దేరేలోపు వెనక పళ్లచక్రాల సెట్టు, అంటే క్యాసెట్, మార్పించండి. ఈ ఒక్క పని మాత్రం వాయిదా వేయొద్దని బతిమాలుకుంటున్నాను.

ఘాట్ మీద నీళ్లు దొరకవు. అడుగున తలా 3 లీటర్లు నింపుకుందాం. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తింటూ ఉండాలి. పైకి చేరగానే, దిగేముందు, పొడి చొక్కా మార్చుకుని జాకెట్ వేసుకోండి. చెమటతో దిగితే చలికి వేళ్లు బిగుసుకుని బ్రేకులు సరిగ్గా పట్టుకోలేం. డౌన్‌లో బ్రేక్ నొక్కి పట్టుకునే ఉండకుండా, మలుపుకు ముందు గట్టిగా వేసి వదిలేయాలి. రిమ్ బ్రేకులున్నవారు మధ్యలో ఒకసారి ఆగి రిమ్ చల్లారనివ్వండి.

ఐదో రోజు: విశ్రాంతి. చైన్ తుడిచి ఆయిల్ వేయడం, బ్రేక్ ప్యాడ్లు చూడడం, బట్టలు ఉతుక్కోవడం. వానకో, అనారోగ్యానికో ఒక రోజు వెనకబడితే దాన్ని సర్దుకునేది ఇక్కడే. అలా జరిగితే విశ్రాంతి పోతుంది, రైలు మాత్రం పోదు.

ఆరో రోజు: 85 కి.మీ., 300 మీటర్లు. లెక్క ప్రకారం 6 గంటల 56 నిమిషాలు, చేరేది 12:56. నాకు టెన్షన్ అంతా గాలి గురించే. మైదానంలో అడ్డం ఏమీ లేదు, ఎదురుగాలి ఉంటే స్పీడ్ 14కు పడిపోవచ్చు. అప్పుడు 8 గంటల 17 నిమిషాలు, ఏడు గంటల హద్దు దాటుతుంది. 52వ కిలోమీటర్ దగ్గర ఊళ్లో బస ఉంది, ఫోన్ చేసి కనుక్కున్నాను. మొదటి 30 కిలోమీటర్లకే గాలి తెలిసిపోతుంది కాబట్టి అక్కడ ఆగి నలుగురం కలిసి తేల్చుకుందాం. ఒక్కరు ఆగుదామన్నా ఆగుతాం. ముందు ఒక్కరే గాలికి ఎదురు నిలవకుండా ఐదేసి నిమిషాలకు మారదాం.

ఏడో రోజు: 50 కి.మీ., 200 మీటర్లు. 4 గంటల 34 నిమిషాలు, స్టేషన్‌కు 10:34. రైలు మధ్యాహ్నం 3కి. ఆరో రోజు 52 దగ్గర ఆగిపోతే ఈ రోజు 83 కిలోమీటర్లు అవుతుంది. అప్పుడు ఉదయం 5కే బయల్దేరితే రైలు అందుతుంది.

శనివారంలోపు ముగ్గురూ వెనక క్యాసెట్‌లో పెద్దదానికి ఎన్ని పళ్లున్నాయో లెక్కపెట్టి పంపండి. స్పేర్ ట్యూబులు ఎవరు ఎన్ని మోయాలో అప్పుడే పంచుకుందాం.