బిల్లుల ఫైళ్లకు కొత్త పద్ధతి

పాలకొల్లు,
జూలై 1, 2025.

మన కొట్టులో పనిచేస్తున్న అందరికీ,

గత నెల ఆచంట నుంచి ఒక రైతు, కాలిపోయిన మోటారుతో వచ్చి వారంటీ కోసం పాత బిల్లు అడిగారు. కంప్యూటర్‌లో ‘కొత్త బిల్లు’, ‘బిల్లు 2’ లాంటి పేర్లతో వందల ఫైళ్లున్నాయి. ఊడ్పుల రోజుల్లో ఆయనను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టాం. నాకు చాలా బాధ కలిగింది.

ఈ రోజు నుంచి ప్రతి బిల్లునూ ఇలా సేవ్ చేయండి:

```
2025-07-01_0412_ACHANTA.pdf
```

ముందు తేదీ, తర్వాత బిల్లు నంబరు, చివర ఊరు. సంవత్సరం ముందుంటేనే ఫైళ్లు వరుసలో నిలుస్తాయి. తేదీలో ఏటవాలు గీత పెట్టకండి, విండోస్ ఒప్పుకోదు. ఒకే పేరున్న ఖాతాదారులు చాలామంది కాబట్టి మనిషి పేరు వద్దు.

రద్దయిన బిల్లును దయచేసి తీసేయకండి. పేరు చివర `_CANCEL` చేర్చి అక్కడే ఉంచండి. జీఎస్టీ బిల్లుల నంబర్లు వరుసగా ఉండాలి. మధ్యలో ఒకటి కనిపించకపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది మనమే. ప్రతి నెలా 11లోగా జీఎస్టీఆర్-1 వేయాలి కనుక, నెలకొక ఫోల్డరు:

```
D:\BILLS\2025-07
```

డెస్క్‌టాప్ మీద ఏదీ ఉంచవద్దు.

రాత్రి షట్టరు దించే ముందు ఆ నెల ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి నా చేతికివ్వండి, ఇంటికి తీసుకెళతాను. తుపాను వచ్చి కొట్టులోకి నీళ్లు చేరినా లెక్కలు మిగలాలి.

పాత ఫైళ్ల పేర్లు నేనే ఆదివారాలు కూర్చుని మారుస్తాను. సందేహం వస్తే ఎంత రద్దీలోనైనా నన్ను అడగండి.

మీ
కొట్టు యజమాని