ఆడిట్ ప్లానింగ్ మెమో: చెరువు సెన్సార్ల కంపెనీ, భీమవరం – మొదటి ఆర్థిక సంవత్సరం 2024-25

ఎవరికి: ఈ ఆడిట్‌లో పనిచేసే సీనియర్‌కి, ఇద్దరు ఆర్టికల్స్‌కి
తేదీ: 4 ఆగస్టు 2025

కంపెనీ 10 జులై 2024న రిజిస్టర్ అయింది. రొయ్యల చెరువుల్లో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్లు అమర్చి, ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోన్‌కి హెచ్చరిక పంపడం దీని పని. ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల్లోని రైతులే కస్టమర్లు. ఈ తొమ్మిది నెలల్లో అమ్మకాలు 38 లక్షలు, ఖర్చు దాదాపు 1.20 కోట్లు. మిగతాదంతా బయటి నుంచి వచ్చిన డబ్బు: కన్వర్టిబుల్ నోట్ల మీద 70 లక్షలు, కంపల్సరీ కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్ల మీద 60 లక్షలు, వ్యవస్థాపకుల లక్ష రూపాయల మూలధనం.

ఈ ఆడిట్‌ని లెడ్జర్ దగ్గర మొదలుపెట్టవద్దు. మొదలుపెట్టాల్సింది బ్యాంక్ స్టేట్‌మెంట్, ఒప్పంద పత్రాల దగ్గర. నవంబరు దాకా లెక్కలు ఒక ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. డిసెంబరులో పార్ట్‌టైమ్ అకౌంటెంట్ వచ్చి పాతవన్నీ ఒకేసారి ట్యాలీలోకి ఎక్కించారు. అలా తయారైన లెడ్జర్‌కి వోచర్లు అచ్చుగుద్దినట్టు సరిపోతాయి, ఎందుకంటే రెండూ ఒకే రోజు పుట్టాయి. అందుకే ప్రతి పెద్ద అంశానికి కంపెనీ బయట పుట్టిన కాగితం ఒకటి కావాలి. ఆ కాగితం మీద తేదీ ఏమిటో చూడాలి. ఈ ఫైల్‌లో నేను గమనించిన సమస్యల్లో ఎక్కువ భాగం అంకెలవి కాదు, తేదీలవి.

మనం చేయకూడని పని

లెక్కలు సరిగ్గా లేవని మనమే ఎంట్రీలు వేసి సరిచేసే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. కంపెనీల చట్టం 144వ సెక్షన్ ప్రకారం ఆడిటర్ ఆ కంపెనీకే పుస్తకాలు రాసే సేవ చేయకూడదు. ఎండీ గారు మంచివారు, వయసులో చిన్నవారు, "మీరే ఒకసారి సర్దేయండి సార్" అని అడుగుతారు. దొరికిన తేడాల జాబితా ఇవ్వండి, ఎంట్రీ వాళ్ల అకౌంటెంటే వేయాలి. 31 ఆగస్టులోగా బ్యాంక్ రికన్సిలియేషన్, రుణదాతల జాబితా, షేర్ల రిజిస్టరు చేతికి రాకపోతే ఫీల్డ్ వర్క్ వాయిదా వేస్తాను. ఈ మాట ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో కూడా ఉంది.

మెటీరియాలిటీ

లాభం లేదు, అమ్మకాలు ఇంకా నిలకడగా లేవు, కాబట్టి ఆధారం ఖర్చే. 1.20 కోట్లలో 1.5 శాతం, అంటే 1.80 లక్షలు. రికార్డులు పలుచగా ఉన్నందున పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ అందులో సగం, 90,000. తొమ్మిది వేలు దాటిన ప్రతి తేడా నా దగ్గరికి రావాలి. అయితే ఎండీ గారి జీతం, సంబంధీకులతో లావాదేవీలు, షేర్ ఆప్షన్లు, చట్టబద్ధమైన ఫైలింగులకి ఈ పరిమితి వర్తించదు. వాటిలో చిన్న మొత్తమైనా చూస్తాం.

కన్వర్టిబుల్ నోట్లు

అసలు పని ఇక్కడుంది. డబ్బు మూడుసార్లు వచ్చింది: 21 అక్టోబరు 2024న అమెరికాలో ఉండే ఎండీ గారి బాబాయి నుంచి 40 లక్షలు, 4 నవంబరున ఒక రైస్ మిల్లు యజమాని నుంచి 18 లక్షలు, 9 డిసెంబరున అదే వ్యక్తి నుంచి 12 లక్షలు. మూడు నోట్లకీ వడ్డీ 8 శాతం, గడువు 36 నెలలు, తర్వాతి రౌండులో 20 శాతం తగ్గింపు ధరకు షేర్లుగా మారతాయి.

డిపాజిట్ల నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన స్టార్టప్ ఒక వ్యక్తి నుంచి ఒకే విడతలో 25 లక్షలు లేదా అంతకన్నా ఎక్కువ తీసుకుంటేనే కన్వర్టిబుల్ నోటు డిపాజిట్ లెక్కలోకి రాదు. మిల్లు యజమాని ఇచ్చింది మొత్తం 30 లక్షలే అయినా, ఒక్కో విడత 25 లక్షల లోపే. ఆయన సభ్యుడూ కాదు, డైరెక్టరూ కాదు. పైగా కంపెనీకి డీపీఐఐటీ గుర్తింపు 14 నవంబరు 2024న వచ్చింది. మొదటి రెండు విడతలు అంతకుముందువి. వ్యాపారం మొదలుపెట్టినట్టు ఇచ్చే ఐఎన్‌సీ-20ఏ డిక్లరేషన్ 28 నవంబరున వేశారు. 180 రోజుల గడువు 6 జనవరి దాకా ఉన్నమాట నిజమే. కానీ 10ఏ సెక్షన్ ప్రకారం ఆ డిక్లరేషన్ వేయకముందు వ్యాపారం మొదలుపెట్టడానికి గానీ, అప్పు తీసుకోవడానికి గానీ కంపెనీకి అధికారం లేదు. సెప్టెంబరు ఇన్వాయిస్‌లు, మొదటి రెండు నోట్లు ఈ తప్పులోకే వస్తాయి.

ఇవన్నీ సెక్రటేరియల్ విషయాలు, ఆడిట్‌తో పనిలేదు అనుకోవద్దు. 76ఏ సెక్షన్‌లో కనీస జరిమానా కోటి రూపాయలు లేదా డిపాజిట్‌కి రెట్టింపు, ఏది తక్కువైతే అది. ఇక్కడ మిల్లు యజమాని 30 లక్షలకి రెట్టింపు, 60 లక్షలు. 31 మార్చి నాటికి బ్యాంకులో ఉన్నది 34 లక్షలు. లీగల్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకురమ్మని బోర్డుకి ఉత్తరం రాస్తాను. ఆ అభిప్రాయాన్ని బట్టి ప్రొవిజనా, కంటింజెంట్ లయబిలిటీయా అన్నది ఏఎస్-29 ప్రకారం తేలుస్తాం.

బాబాయి గారి 40 లక్షలకి మరో దారి ఉంది. విదేశాల్లో ఉండేవారి డబ్బు ఫెమా నిబంధనలకు లోబడి వస్తే డిపాజిట్ కాదు. అయితే ఫెమాలో కూడా నోటు జారీ చేసేది గుర్తింపు పొందిన స్టార్టప్పే అయి ఉండాలి. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చింది, తిరిగి విదేశానికి తీసుకెళ్లే హక్కుతోనా లేకుండానా, ఆ హక్కుతో అయితే 30 రోజుల్లో ఫారం సీఎన్ వేశారా – బ్యాంకు ఇచ్చిన రెమిటెన్స్ సర్టిఫికెట్ తెప్పించి చూడండి. "మా బాబాయే కదా" అన్నది సమాధానం కాదు. ఆయనకీ, మిల్లు యజమానికీ కన్ఫర్మేషన్ లెటర్లు మన ఆఫీసు నుంచే వెళ్లాలి. బాకీ మొత్తంతో పాటు షరతులు కూడా రాసిపంపమని అడగండి, పక్కఒప్పందాలుంటే అక్కడే బయటపడతాయి.

లెక్కల్లో ఎలా చూపాలి? కంపెనీ అకౌంటింగ్ స్టాండర్డ్స్ పాటిస్తోంది, ఇండ్ ఏఎస్ కాదు. కాబట్టి నోటును అప్పు భాగం, ఈక్విటీ భాగంగా విడగొట్టనక్కర్లేదు. దీర్ఘకాలిక అప్పుల కింద చూపి, మార్పిడి షరతులు, అతి తొందరగా మారే తేదీ షెడ్యూల్ 3 ప్రకారం నోట్స్‌లో రాయాలి. డిపాజిట్ అని తేలితే ఆ వర్గీకరణ, గడువు రెండూ మళ్లీ చూడాలి. ట్రయల్ బ్యాలెన్స్‌లో వడ్డీ అన్నదే లేదు. నేను వేసిన లెక్క: 40 లక్షల మీద 161 రోజులకి 1,41,151, 18 లక్షల మీద 147 రోజులకి 57,995, 12 లక్షల మీద 112 రోజులకి 29,458. మొత్తం 2,28,604, అంటే ఇదొక్కటే మెటీరియాలిటీ దాటింది. వడ్డీ చెల్లించకపోయినా ఖాతాలో జమ వేసిన రోజే టీడీఎస్ కోయాలి.

ప్రిఫరెన్స్ షేర్లు

ఫిబ్రవరి 12న డబ్బు వచ్చింది, మార్చి 3న అలాట్‌మెంట్. అరవై రోజుల పరిమితిలోనే ఉంది. కానీ పీఏఎస్-3 మార్చి 25న వేశారు, పదిహేను రోజుల గడువు 18వ తేదీకే అయిపోయింది. ఆ ఫారం వేసేదాకా డబ్బు వాడకూడదని 42వ సెక్షన్ చెబుతోంది. మార్చి 7న అదే ఖాతా నుంచి సెన్సార్ సప్లయర్‌కి 9 లక్షలు వెళ్లినట్టు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తోంది. విడి ఖాతా తెరిచారా లేదా చూడండి. వాల్యుయేషన్ రిపోర్టు, ఆఫర్ లెటర్లు, షేర్ సర్టిఫికెట్లు సరిపోల్చండి.

షేర్ ఆప్షన్లు

ముగ్గురు ఇంజినీర్లకి, ఒక ఫిషరీస్ సలహాదారుకి కలిపి 1,200 ఆప్షన్లు. స్కీమ్‌కి సభ్యుల ఆమోదం 15 ఫిబ్రవరి 2025న వచ్చింది. అంతకుముందు ఆఫర్ లెటర్లలో "రెండు శాతం వాటా" అని రాసిన మాటలకి ఆ రోజు దాకా చట్టపరమైన బలం లేదు. గ్రాంట్ తేదీ ఫిబ్రవరి 15 అన్నది నా అంచనా. ఇంజినీర్లు చేరినప్పటి నుంచే ఆ హామీ నమ్ముకుని పనిచేశారా అన్నది మాత్రం విడిగా ఆలోచించాలి, ఎందుకంటే దానివల్ల ఈ ఏడాది ఖర్చు మారుతుంది.

రెండు చోట్ల పత్రాలే తప్పు. గ్రాంట్ లెటర్‌లో వెస్టింగ్‌ను చేరిన రోజు నుంచి లెక్కపెట్టి మొదటి పావు ఆగస్టు 2025లో వస్తుందని రాశారు. గ్రాంట్‌కీ వెస్టింగ్‌కీ మధ్య కనీసం ఏడాది ఉండాలని 12వ రూల్ అంటోంది. రెండోది, సలహాదారు ఉద్యోగి కాదు, ఫీజు తీసుకునే వ్యక్తి. ఆయనకి ఈ స్కీమ్ కింద ఆప్షన్లు ఇవ్వడం కుదరదు.

విలువ కట్టడానికి ఇన్వెస్టర్లు పెట్టిన ధరను సాధారణ షేరుకి అలాగే అంటించవద్దు. ప్రిఫరెన్స్ షేరుకి లిక్విడేషన్‌లో ముందు హక్కు ఉంటుంది. వాల్యూయర్ ఆ తేడా ఎలా తీశారో అడగాలి. ఆప్షన్‌కి 500 రూపాయలు అనుకుంటే మొత్తం ఆరు లక్షలు. నాలుగేళ్ల గ్రేడెడ్ వెస్టింగ్‌లో ఈ నెలన్నరకి దాదాపు 39,000, సరళరేఖలో అయితే 18,750. రెండూ చిన్నవే. అయినా వచ్చే ఏడాది ఈ ఖర్చు చాలా పెరుగుతుంది, విధానం ఇప్పుడే సరిగ్గా నిర్ణయించాలి. ఐసీఏఐ గైడెన్స్ నోటు ప్రకారం డిస్‌క్లోజర్ ఈ ఏడాదే కావాలి.

అమ్మకాలు, బాకీలు, స్టాకు

రైతు సెన్సార్‌కి కొంత ముందు ఇచ్చి మిగతాది పట్టుబడి అయ్యాక ఇస్తాడు. ఇన్వాయిస్‌లో పరికరం ధర, పన్నెండు నెలల సబ్‌స్క్రిప్షన్ కలిపి ఒకే అంకెగా ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్‌లో మిగిలిన నెలల భాగం ఈ ఏడాది ఆదాయం కాదు. పరికరం నిజంగా ఎప్పుడు పెట్టారో తెలుసుకోవడానికి ఒక మంచి సాక్ష్యం ఉంది: ప్రతి సెన్సార్ మొదటిసారి సిగ్నల్ పంపిన సమయం సర్వర్‌లో ఉంటుంది. సర్వర్ కంపెనీ చేతిలోదే కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి, టెలికాం సంస్థ ఇచ్చే సిమ్ యాక్టివేషన్ బిల్లుతో జతచేయండి. మార్చి ఇన్వాయిస్ ఉండి ఏప్రిల్‌లో సిగ్నల్ మొదలైన ప్రతి పరికరం జాబితా నాకు కావాలి.

బాకీదార్లకి పోస్టులో ఉత్తరాలు పంపితే జవాబు రాదు. పెద్ద బాకీలు ఉన్న పదిహేను మంది చెరువుల దగ్గరికి ఆర్టికల్స్ ఇద్దరూ వెళ్లి, పరికరం సీరియల్ నంబరు చూసి, రైతుతో మాట్లాడి, మొత్తం రాయించుకుని సంతకం తీసుకోవాలి. పొద్దున్నే మేత వేసే వేళకి వెళ్తే రైతు దొరుకుతాడు. "ట్రయల్‌కి పెట్టారు, నేను కొనలేదు" అని చెబితే ఆ మాట యథాతథంగా రాయండి, అది అమ్మకం కాదు, స్టాకు. మార్చి 31న మనం స్టాకు చూడలేదు కాబట్టి ఆగస్టులో లెక్కించి, అక్కడి నుంచి వెనక్కి మార్చి 31 నాటి స్టాకు లెక్కగట్టాలి.

ఎండీ గారి ఖాతా

ఫోన్‌పే ద్వారా దాదాపు 14 లక్షలు ఎండీ గారి వ్యక్తిగత ఖాతాలోంచి వెళ్లాయి. ఆ ఖాతా పూర్తి స్టేట్‌మెంట్ అడగండి, నల్ల గీతలు పెట్టిన కాపీ ఒప్పుకోం. కంపెనీ ఖర్చు అని తేలిన మొత్తం డైరెక్టర్ నుంచి అప్పు అవుతుంది, అది అప్పు తెచ్చిన డబ్బు కాదని ఆయన రాతపూర్వక డిక్లరేషన్ ఉండాలి. ఆఫీసు భవనం ఆయన నాన్నగారిది, వైరింగ్ సామాను అన్నయ్య షాపు నుంచి కొంటున్నారు. ఏఎస్-18 జాబితాలో రెండూ రావాలి.

మనుగడ, నివేదిక

నెలకి 11 లక్షలు ఖర్చవుతుంటే 34 లక్షలు మూడు నెలలకి వస్తాయి. ఆ తర్వాత ఏం చేశారో ఏప్రిల్ నుంచి జులై దాకా బ్యాంక్ స్టేట్‌మెంట్లే చెబుతాయి. కొత్త డబ్బుకి సంతకం పెట్టిన పత్రం కావాలి, వాట్సాప్ మెసేజ్ చాలదు.

చిన్న కంపెనీ కాబట్టి కారో నివేదిక, ఇంటర్నల్ ఫైనాన్షియల్ కంట్రోల్స్ మీద అభిప్రాయం అక్కర్లేదు. అయితే 11(జి) రూల్ కింద ఆడిట్ ట్రెయిల్ మీద రాయాల్సిందే. నవంబరు దాకా ఎక్సెల్, ఆ తర్వాత ట్యాలీలో ఎడిట్ లాగ్ ఉన్న వెర్షన్ వాడారో లేదో అకౌంటెంట్ కంప్యూటర్‌లో చూసి స్క్రీన్‌షాట్ ఫైల్‌లో పెట్టండి. ఎక్సెల్ కాలానికి డబుల్ ఎంట్రీ పుస్తకాలు లేనందున 143(3)(బి) కింద మామూలు వాక్యం రాయలేం. నగదు ఖర్చులకి చాలినంత సాక్ష్యం దొరక్కపోతే ఎస్ఏ-705 కింద క్వాలిఫైడ్ అభిప్రాయమే నా ప్రస్తుత అంచనా. ఈ మాట ఎండీ గారికి సెప్టెంబరు మొదటి వారంలోనే నేనే చెబుతాను. మొదటి ఏజీఎంకి 31 డిసెంబరు దాకా వ్యవధి ఉంది కదా అని ఆయన ఇన్వెస్టర్లకి వేరే మాట ఇవ్వకూడదు.