పెట్టెలో చీటీలు: సైన్సు, నమ్మకం, మీ ప్రశ్నలు

(బల్ల మీద ఒక అట్టపెట్టె, దాన్నిండా మడిచిన చీటీలు. మాట్లాడే టీచర్ కూర్చునే ఉంటారు. వెనక సంగీతం లేదు.)

నమస్తే. నేను ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో నోరు తెరిచి అడగలేని ప్రశ్నలేవైనా ఉంటే పేరు రాయకుండా ఈ పెట్టెలో వేయమన్నాను. మార్కుల గురించి వస్తాయనుకున్నాను. సగం దాకా దేవుడి గురించే వచ్చాయి! కొన్ని తీస్తాను.

(మొదటి చీటీ విప్పుతూ)

"పరీక్షలో పరిణామం గురించి రాశాను. ఇంటికెళ్ళి, మనిషిని దేవుడే చేశాడని ప్రార్థనలో చదివాను. నేను ఎక్కడో ఒకచోట అబద్ధం ఆడుతున్నట్టేనా?"

ఈ చీటీలో "అబద్ధం" అన్న మాట కొట్టేసి, మళ్ళీ రాశావు. అంటే చాలాసేపు ఆలోచించావు. అబద్ధాలాడేవాళ్ళకి ఇంత టెన్షన్ ఉండదు, ముందు ఆ బరువు దించుకో.

దీనికి పెద్దవాళ్ళు ఒక రెడీమేడ్ జవాబు చెబుతుంటారు. సైన్సు "ఎలా" అనేదానికి, మతం "ఎందుకు" అనేదానికి, కాబట్టి గొడవే లేదని. నేనూ చాలా ఏళ్ళు అదే చెప్పాను. ఇప్పుడు సగమే ఒప్పుకుంటాను. ఎందుకంటే మతగ్రంథాలు అప్పుడప్పుడు "ఎలా" అనేది కూడా చెబుతాయి. భూమి వయసు కొన్ని వేల ఏళ్ళే అని ఎవరైనా అక్షరాలా చదువుకుంటే, ఆ మాట రాళ్ళతో తలపడక తప్పదు. రాయిలోని యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతూ ఉంటుంది. ఎంత మారిందో కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. ఇలాంటి కొలతల నుంచే భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్ళని తేలింది. కొలిచిన మనిషి ఏ మతం వాడన్నది యురేనియానికి పట్టదు.

కొలవగలిగిన విషయంలో కొలతనే నమ్మమంటాను. ఆ తర్వాత ఆ శ్లోకాన్నో, వాక్యాన్నో, ఆయత్‌నో ఎలా అర్థం చేసుకోవాలన్నది నువ్వూ, నీ ఇంటివాళ్ళూ, మీ గురువులూ మాట్లాడుకునే సంగతి. జన్యుశాస్త్రాన్ని పరిణామ సిద్ధాంతంతో కలిపినవాళ్ళలో ముఖ్యుడు థియొడోషియస్ డోబ్జాన్‌స్కీ. పరిణామం వెలుగులో చూస్తే తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో ఒక వ్యాసానికి పేరే పెట్టాడు. తాను సృష్టిని నమ్ముతాననీ, పరిణామాన్నీ నమ్ముతాననీ ఆ వ్యాసంలోనే రాశాడు. ఆయన చేసింది ఒప్పో తప్పో నేను చెప్పను. ఆ రెండూ ఒక తలలో ఇమిడాయని మాత్రం చూపిస్తున్నాను.

(రెండో చీటీ)

"పరిణామం థియరీ మాత్రమే కదా సార్, రుజువైందా?"

మామూలుగా మాట్లాడేటప్పుడు "నాదొక థియరీ" అంటే ఊహ అని అర్థం. సైన్సులో ఆ మాటకి బరువెక్కువ: ఎన్నో పరీక్షలకి నిలబడిన వివరణ. ఒక పరీక్ష చెబుతాను. చేపల నుంచి నాలుగు కాళ్ళ జంతువులు వచ్చి ఉంటే, మధ్యరకం జీవి ఏ కాలపు రాళ్ళలో ఉండాలో ముందే లెక్కేసుకుని, కెనడా ఉత్తర కొసకి వెళ్ళారు కొందరు. 1999లో మొదలుపెట్టి, చలిలో మళ్ళీ మళ్ళీ వెళ్ళి వెతికితే 2004లో దొరికింది. పేరు టిక్టాలిక్. వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. చేపకున్నట్టే పొలుసులున్నాయి, ఈదే రెక్కలున్నాయి. ఆ రెక్క లోపల మన మణికట్టుని పోలిన ఎముకలున్నాయి. ఒకసారి మీ మణికట్టు తిప్పి చూసుకోండి.

(మూడో చీటీ)

"బిగ్ బ్యాంగ్ నిజమైతే దేవుడు అక్కర్లేదు కదా?" దీని కిందే ఇంకొకరి చీటీ: "బిగ్ బ్యాంగ్ దేవుడున్నాడనడానికే రుజువు కదా?"

ఈ రెండూ ఒకే రోజు వచ్చాయి. పక్కపక్క బెంచీల వాళ్ళేమో!

విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్కగట్టి రాసినాయన జార్జ్ లెమైత్ర్. బిగ్ బ్యాంగ్ ఆలోచనకి మూలం ఆయనే. బెల్జియం ఆయన, కాథలిక్ ఫాదర్ కూడా. మీ గణితం బాగుంది గానీ ఫిజిక్స్ మాత్రం ఘోరం అన్నట్టు మాట్లాడాడు ఐన్‌స్టీన్. తర్వాత ఆయనే మెత్తబడ్డాడు. అసలు కథ 1951లో. సైన్సు సృష్టికి సాక్ష్యం చెబుతోందన్న ధోరణిలో అప్పటి పోప్ ప్రసంగించారు. సంతోషించాల్సిన లెమైత్ర్ ఇబ్బంది పడ్డాడు. తన సిద్ధాంతానికి మతంతో పని లేదని, నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఇద్దరూ దాన్ని వాడుకోవచ్చని ఆయన అభిప్రాయం. ఆలోచించండి, ఈ రోజు లెక్క మీద దేవుణ్ణి నిలబెడితే, రేపు ఆ లెక్క మారితే ఏం చేస్తారు? ఆ ఫాదర్‌కి ఆ జాగ్రత్త ఉంది. ఇద్దరికీ నా జవాబు అదే.

(నాలుగో చీటీ)

"సైన్స్ చెప్పినవన్నీ మా గ్రంథంలో ముందే ఉన్నాయంటారు. నిజమా?"

ఈ మాట దాదాపు అన్ని మతాలవాళ్ళ దగ్గరా విన్నాను. నేను ఒక్కటే అడుగుతాను. ల్యాబ్‌లో తేలకముందే, గ్రంథం చదివి ఎవరైనా దాన్ని కనిపెట్టారా? తేలాక వెతికితే ఏ పాత పుస్తకంలోనైనా పోలికలు దొరుకుతాయి. నాకైతే ఇలా చేయడం ఆ గ్రంథానికే చిన్నతనం అనిపిస్తుంది.

(ఐదో చీటీ)

"ప్రార్థన పనిచేస్తుందా?"

దేనికి అన్నది ముఖ్యం. అమెరికాలో 1,802 మంది గుండె బైపాస్ రోగుల మీద చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తెలియని వాళ్ళు దూరంగా ప్రార్థించినా ఆపరేషన్ తర్వాతి ఇబ్బందులు తగ్గలేదు. మన కోసం ప్రార్థిస్తున్నారని తెలిసిన వాళ్ళలో కాస్త ఎక్కువే కనిపించాయి కూడా. కాబట్టి ప్రార్థనని మందు బదులు పెట్టొద్దు, ఎవరు చెప్పినా మాత్రలు ఆపొద్దు. ఐసీయూ బయట కూర్చున్న మనిషి చేతులు జోడించడం వేరే సంగతి. ఆ అధ్యయనం కొలిచింది దాన్ని కాదు.

(ఆరో చీటీ. కొంచెం ఆగి)

"నాకు నమ్మకం పోయింది. అమ్మకి ఎలా చెప్పాలి?"

ఈ రాత్రే చెప్పాలని లేదు. ఇంట్లో గొడవ జరుగుతున్నప్పుడు అసలు వద్దు. ఎప్పుడైనా చెబితే "మీరు నమ్మేది తప్పు" అని మొదలుపెట్టకుండా, "నాకు ఇలా అనిపిస్తోందమ్మా" అని మొదలుపెట్టు. చెబితే ఇంట్లో నీకు ప్రమాదం అనిపిస్తే మాత్రం, ముందు నమ్మకమున్న ఒక పెద్దవాళ్ళతో మాట్లాడు. క్లాసయ్యాక నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను.

(చివరి చీటీ)

"మీరు నమ్ముతారా సార్?"

నమ్ముతాను. కెమెరా వెనక నిలబడి నవ్వుతున్న కెమిస్ట్రీ మేడమ్ నమ్మరు. 1979లో ఫిజిక్స్ నోబెల్ ముగ్గురికి కలిపి వచ్చింది. వాళ్ళలో అబ్దుస్ సలామ్ నమాజు చేసే మనిషి, నోబెల్ విందులో ఖురాన్ వాక్యాలు చదివాడు. స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు. విడివిడిగా పనిచేసి ఇద్దరూ ఒకే సిద్ధాంతానికి చేరారు. మేడమూ నేనూ అంత దూరం వెళ్ళలేదు లెండి, మాకు ల్యాబ్ తాళాలు ఎవరి దగ్గర ఉండాలన్నదే ఇంకా తేలలేదు.

పెట్టెలో పద్నాలుగు చీటీలు మిగిలాయి. ఒకదాని మీద "ఆత్మ బరువెంత?" అని కనిపిస్తోంది. వచ్చే వారం దాంతో మొదలుపెడదాం.