మన జనరేటర్‌కు లోడ్ బ్యాంక్ టెస్ట్ ఎందుకంటే

ఎండీ గారికి,

మన 500 కేవీఏ జనరేటర్‌ను ప్రతి సోమవారం పది నిమిషాలు ఖాళీగా తిప్పుతున్నాం. స్టార్ట్ అవుతోంది, నిజమే. కానీ లోడ్ మోస్తుందో లేదో దానితో తెలియదు. పైగా అలా తిప్పడమే ఇంజిన్‌కు చేటు. లోడ్ లేక సిలిండర్లు సరిగా వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, మిగిలింది మసిగా పేరుకుంటుంది. నిన్న సైలెన్సర్ జాయింట్ దగ్గర వేలు పెడితే తారులాంటి జిడ్డు అంటింది.

దీని సామర్థ్యం 400 కిలోవాట్లు. నడిపినప్పుడు లోడ్ కనీసం 30 శాతం, అంటే 120 కిలోవాట్లు ఉండాలి. కరెంటు పోయినప్పుడు అన్‌సీజన్‌లో మన వాడకం 70 దాటదు. పెళ్లి రోజు బాంక్వెట్ ఏసీలు, లిఫ్టులు, కిచెన్ ఒక్కసారిగా మీద పడితే రేడియేటర్, డీజిల్ పంపు తట్టుకుంటాయా? ఇప్పటిదాకా చూడలేదు.

లోడ్ బ్యాంక్ అంటే జనరేటర్ మీద కావలసినంత లోడ్ వేసే పెద్ద హీటర్ పెట్టెలాంటిది, అద్దెకు దొరుకుతుంది. అమెరికా ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం చెప్పినట్టు 50 శాతం మీద అరగంట, 75 మీద గంట నడుపుదాం. మసి చాలావరకు కాలిపోతుంది. మొదట్లో పొగ దట్టంగా వస్తుంది, గెస్టులకు ముందే చెప్పాలి.

ఏడాదికోసారి చాలు. ఈసారి ఆషాఢంలో, బుకింగ్స్ లేని మంగళవారం పెట్టుకుందాం. మీరు సరేనంటే కొటేషన్లు తెప్పిస్తాను.

చీఫ్ ఇంజినీర్