ఫోటోలోని సీరియల్ నంబరు సరిపోలలేదని మూసేసిన వారంటీ క్లెయిమును తిరిగి తెరవాలని వినతి

బచ్చన్నపేట మండలం, జనగామ జిల్లా
13 అక్టోబర్ 2025

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: 5 హెచ్‌పీ, 15 స్టేజీల బోరు పంపుసెట్ (మోడల్ 515) వారంటీ. ఫిర్యాదు నంబరు 71846.

అయ్యా,

నమస్కారం. నా బోరు మోటారు కాలిపోయిందని ఈ నెల 6న మీ సర్వీసు నంబరుకు బిల్లు, వారంటీ కార్డు, మోటారు నేమ్ ప్లేటు ఫోటోలు పంపాను. 9వ తేదీన జవాబు వచ్చింది. ఫోటోలో ఉన్న సీరియల్ నంబరు నేను కొన్న మోడలుది కాదని, వేరే మోటారు ఫోటో పంపినట్టు కనిపిస్తోందని, అందుకని క్లెయిము మూసేస్తున్నామని రాశారు. నంబర్లు కలవడం లేదన్న మాట నిజం. ఆ మాట కాదనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వేరే మోటారు ఫోటో పంపానన్న మాట మాత్రం నిజం కాదు. మా బోరులోకి మొదటి రోజు దిగిన మోటారు, మొన్న పైకి తీసిన మోటారు, నేను ఫోటో తీసి పంపిన మోటారు, మూడూ ఒకటే. దానికి నా దగ్గర ఆధారం ఉంది.

ముందు నంబర్ల సంగతి చెప్తాను. 2024 నవంబర్ 14న జనగామలోని మీ అధీకృత డీలరు దగ్గర జీఎస్టీతో కలిపి 36,400 రూపాయలు కట్టి ఈ పంపుసెట్ కొన్నాను. బిల్లు మీదా, డీలరు ముద్ర వేసిన వారంటీ కార్డు మీదా, అట్టపెట్టె లేబులు మీదా ఉన్న నంబరు 2408-515-03817. మోటారుకు రివిట్లు కొట్టి బిగించిన ప్లేటు మీద ఉన్నది 2403-510-01926. మొదటి నాలుగు అంకెలు తయారైన సంవత్సరం, నెల అనీ, నడుమ మూడు మోడల్ అనీ మీ వారంటీ కార్డు వెనకే అచ్చు వేసి ఉంది. అంటే బిల్లు ప్రకారం నాది 2024 ఆగస్టులో తయారైన 15 స్టేజీల సెట్. ప్లేటు ప్రకారం 2024 మార్చిలో తయారైన 10 స్టేజీల సెట్.

ఈ తేడా నాకు కూడా మీ జవాబు చూశాకే తెలిసింది. కొన్నప్పుడు పెట్టె మీది నంబరు, బిల్లు మీది నంబరు సరిచూసుకున్నాను. ప్లేటు చూడలేదు. అది నా పొరపాటే. కానీ మీ కంపెనీ పెట్టెలో మీ కంపెనీ మోటారే వేరే మోడలుది ఉంటుందని ఏ రైతు అనుకుంటాడు?

ఇక ఆధారం. మోటారు దించింది కొన్న మరునాడు, నవంబర్ 15న, కార్తీక పౌర్ణమి నాడు. దించే ముందు నా భార్య మోటారుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. అప్పుడు మా అబ్బాయి ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీశాడు. మీ జవాబు వచ్చిన రాత్రి వాటిని వెతికి పెద్దవి చేసి చూశాం. మూడో ఫోటోలో మోటారు చైన్ పుల్లీకి వేలాడుతూ ఉంది, ప్లేటు మావైపు తిరిగి ఉంది. దాని మీద 2403-510-019 వరకు తేటగా చదవవచ్చు. చివరి రెండు అంకెల మీద పసుపు పడింది, అవి కనబడవు. అయితే ప్లేటుకు ఉండాల్సిన నాలుగు రివిట్లలో కుడివైపు కింది రివిట్ లేదు. మొన్న బయటికి తీసిన మోటారుకూ అదే మూల రివిట్ లేదు. అదే ఫోటోలో వెనక ట్రాక్టరు టైరుకు ఆనించిన మీ అట్టపెట్టె కనిపిస్తుంది. లేబులు మీద 515 అని ఉంది. పెట్టె మీద ఒక మోడల్, మోటారు మీద ఇంకో మోడల్, రెండూ ఒకే ఫోటోలో, కొన్న మరునాడే.

ఆ ఫోటోను మా అబ్బాయి ఫోన్‌లో ఉన్నదున్నట్టు, ఏమీ కత్తిరించకుండా, తీసిన తేదీ, సమయంతో సహా ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఫోనే చూడాలంటే మీ మనిషి వచ్చినప్పుడు చూపిస్తాను. అట్టపెట్టె కూడా బావి దగ్గరి కొట్టంలో ఉంది. విత్తనాల సంచుల కింద పరిచాం, ఒక పక్క చెమ్మ పట్టింది గానీ లేబులు చెడలేదు.

శనివారం జనగామ వెళ్లి డీలరును అడిగాను. పెట్టె కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఇచ్చామని, తాము విప్పలేదని అన్నారు. మా నాన్న కాలం నుంచి మేం ఆ షాపులోనే కొంటున్నాం. ఆయన మోసం చేశారని నేను అనడం లేదు. తప్పు షాపులో జరిగిందా, మీ గోదాములో జరిగిందా నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. మీరు తేల్చగలరు. 2403-510-01926 నంబరు సెట్‌ను మీరు ఏ డీలరుకు పంపారో మీ రికార్డులో ఉంటుంది. అది జనగామకే వచ్చి ఉంటే ఇంక నన్ను అడగాల్సింది ఏముంది? అలాగే 2408-515-03817 ఇప్పుడు ఎక్కడ ఉంది? నేను డబ్బు కట్టిన సెట్ ఎవరి బోరులోనో, ఏ గోదాములోనో ఉండాలి కదా. నా క్లెయిము మూసేసే ముందు ఈ రెండు నంబర్లు ఒకసారి వెతికి ఉంటే బాగుండేది.

ఈ మార్పు వల్ల నాకు జరిగింది కూడా మీకు తెలియాలి. మా బోరులో మోటారు 260 ఫీట్ల లోతున ఉంది. ఎండాకాలంలో నీళ్లు బాగా దిగిపోతాయని చెప్పి, అందుకే ఎక్కువ స్టేజీల సెట్ కావాలని అడిగి 15 స్టేజీలది తీసుకున్నాను. స్టేజీలు తగ్గితే పంపు నీళ్లను తోసే ఎత్తు తగ్గుతుంది. ఈ ప్లేటు మీద గరిష్ఠ హెడ్ 88 మీటర్లు అని ఉంది. నేను కొన్న మోడలుకు మీ ధరల పట్టికలో 132 మీటర్లు అని ఉంది. చలికాలంలో నీళ్లు పైనే ఉన్నాయి కాబట్టి తేడా తెలియలేదు. మార్చి రెండో వారం నుంచి పైపు సగానికి పడిపోయింది. పక్క చెలకలో బోరు నిండుగానే పోస్తుంటే మా బోరే ఎండిపోతోందని అనుకున్నాం. యాసంగిలో మూడెకరాలు నాటు వేసి ఎకరంనర ఎండబెట్టుకున్నాను. ఇంకో బోరు వేద్దామని అప్పుకు కూడా మాట్లాడాను. వానలు పడ్డాయి కాబట్టి ఆగాను. లేకపోతే బోరుది కాని తప్పుకు లక్ష రూపాయల పైన ఖర్చు పెట్టేవాణ్ణి.

ఎండిన వరికి ఈ ఉత్తరంలో పరిహారం అడగడం లేదు. కానీ మీ జవాబులో ఉన్న "సరిపోలని నంబరు" అనే చిన్న మాట వెనక ఇది ఉందని మీకు తెలియాలని రాస్తున్నాను.

దసరా మరునాడు, అక్టోబర్ 3న పొద్దున మోటారు వేస్తే స్టార్టరు ట్రిప్ అయింది. రెండోసారి వేయలేదు. 5న మెకానిక్‌ను పిలిచి పైకి తీయిస్తే వైండింగ్ కాలిందని చెప్పాడు. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే ఆపే ప్రివెంటర్ రెండూ ఉన్నాయి, రెండూ పనిచేస్తున్నాయి. నీళ్లు లేకుండా నడిపింది లేదు. ఆ రోజుల్లో వానలకు బోరు నిండుగా ఉంది. మెకానిక్ తిరిగి చుట్టిస్తానన్నాడు, నేను వద్దన్నాను. మీ మనిషి చూడకముందు విప్పితే మళ్లీ నా మీదికే వస్తుందని మోటారును ఎలా తీశామో అలాగే గోనెసంచిలో చుట్టి ఉంచాను. స్టేజీలు లెక్కపెట్టాలన్నా, లోపలి వైండింగ్ చూడాలన్నా మీ ఇంజినీరే విప్పాలి, మా ముందర.

గడువు గురించి ఒక మాట. మీ వారంటీ కొన్న తేదీ నుంచి 12 నెలలు లేదా తయారైన నెల నుంచి 18 నెలలు, ఏది ముందైతే అది. బిల్లులో ఉన్న నంబరు ప్రకారం నాకు 2025 నవంబర్ 14 వరకు వారంటీ ఉంది. ప్లేటు నంబరు ప్రకారం చూస్తే సెప్టెంబరుతోనే అయిపోయింది. రేపు నంబరు తేడా ఒప్పుకుని, ఆ ప్లేటు లెక్కనే గడువు దాటిందని అంటారేమోనని ఇప్పుడే రాస్తున్నాను. పాత సెట్ కొత్త పెట్టెలో వస్తే దాని వయసు నా మీద వేయడం న్యాయం కాదు. నా చేతికి మీరు ఇచ్చిన వారంటీ కార్డు మీద ఉన్న నంబరే నాకు లెక్క.

కాబట్టి నా ఫిర్యాదును తిరిగి తెరిచి, ఈ ఉత్తరం అందిన వారం రోజుల్లో మీ ఇంజినీరును పంపండి. పరిశీలించాక నేను డబ్బు కట్టిన 515 మోడల్, 15 స్టేజీల కొత్త సెట్ ఇవ్వండి. కాలిన 510ని చుట్టి ఇస్తామంటే తీసుకోను, అది నేను కొన్న వస్తువు కాదు. మోటారు పైకి తీయడానికి 3,500 అయింది, మళ్లీ దించడానికి అంతే అవుతుంది. సరైన సెట్ ఇచ్చి ఉంటే ఈ ఖర్చు వచ్చేదో లేదో గానీ, తప్పు సెట్‌ను తీసి మార్చే ఖర్చు మాత్రం నాది కాకూడదు. ఆ 7,000 కూడా ఇప్పించండి. వేరే మోటారు ఫోటో పంపానన్న మాటను నా ఫిర్యాదు రికార్డు నుంచి తీసేసి, తీసేసినట్టు రాతపూర్వకంగా తెలపండి. నాకు డబ్బు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

వారంలో జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. నా క్లెయిము అయిదు లక్షల లోపుదే కాబట్టి అక్కడ ఫీజు కూడా ఉండదు. అంతదాకా పోవాలని నాకు లేదు. మీ మోటార్లు మా ఊళ్లో చాలా బోర్లలో ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. అందుకే నేనూ కొన్నాను.

ఇప్పుడు వరి పాలు పోసుకుంటోంది. పక్క చెలక వాళ్లు దయతలచి రాత్రి పూట మూడు గంటలు నీళ్లు వదులుతున్నారు. మూడెకరాలకు అది చాలదు. ఇంకో రెండు వారాలు తడి అందకపోతే గింజ తాలు పోతుంది. ఇంజినీరు వచ్చే రోజు ముందుగా ఫోన్ చేయండి, నా నంబరు ఫిర్యాదు రికార్డులో ఉంది. జనగామ నుంచి నేనే బండి మీద తీసుకొస్తాను.

బిల్లు, వారంటీ కార్డు రెండు వైపులా, నవంబర్ 15 నాటి నాలుగు ఫోటోలు, అక్టోబర్ 5న తీసిన ప్లేటు ఫోటో, పెట్టె లేబులు ఫోటో, మోటారు దించిన మెకానిక్ సంతకం చేసిన కాగితం దీంతో జతచేశాను. దించిందీ, పైకి తీసిందీ అతనే. మధ్యలో మోటారు బయటికి రాలేదని అందులో రాసి ఇచ్చాడు. ఒక ప్రతి మీ డీలరుకు కూడా ఇస్తున్నాను.

ఇట్లు,
నర్ర యాదగిరి
రైతు