మూడో ప్రశ్నలో నీ బాణాలు

శ్రావణీ,

ఇంటర్నల్ పేపర్లో మూడో ప్రశ్నకి 14లో 7½ వచ్చింది. "ప్రొడక్టులన్నీ కరెక్టే కదా, ఎందుకు కట్ చేశారు" అని పేపర్లు ఇచ్చిన రోజు అడిగావు. క్లాసులో నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు, అందుకే రాస్తున్నాను.

ప్రొడక్టులు కరెక్టే. కానీ ప్రశ్నలో అడిగింది మెకానిజం. దిద్దేటప్పుడు నేను ప్రొడక్ట్ మీద చెయ్యి అడ్డం పెట్టి, నువ్వు గీసిన బాణాలు ఏం చెబితే అది చేస్తూ పోతాను. నీ బాణాలు పట్టుకుని వెళ్తే, కింద నువ్వు గీసిన అణువు రావడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు 3(ఎ). 2-బ్రోమో-2-మిథైల్‌బ్యూటేన్, సోడియం ఇథాక్సైడ్, E2. నీ మొదటి బాణం H దగ్గర మొదలై ఇథాక్సైడ్ ఆక్సిజన్ మీదికి వెళ్లింది. నువ్వు అనుకున్నది నాకు అర్థమైంది: బేస్ హైడ్రోజన్‌ని లాక్కుంటుంది, కాబట్టి హైడ్రోజన్ అటు వెళ్తుంది. నిజమే, వెళ్తుంది. కానీ బాణం చూపించేది పరమాణువు ఎటు వెళ్తుందో కాదు, ఎలక్ట్రాన్ జంట ఎటు వెళ్తుందో. నీ బాణాన్ని ఉన్నది ఉన్నట్టు చదివితే, అప్పటికే ఎనిమిది ఎలక్ట్రాన్లున్న ఆక్సిజన్‌కి ఇంకో రెండు వచ్చి పది అవుతాయి. బాణం ఆక్సిజన్ లోన్ పెయిర్ దగ్గర మొదలై H దగ్గర ఆగాలి.

రెండో బాణం C3 దగ్గర, ఆ 'C' అక్షరం మీద మొదలుపెట్టావు. అది C–H బంధం గీత మధ్యలోంచి రావాలి, C2–C3 మధ్యకి వెళ్లాలి. కదిలేది ఆ బంధంలోని జంట, కార్బన్ కాదు. మూడోది Br నుంచి బయటికి, గాల్లోకి! C–Br బంధం నుంచి Br మీదికి గీయాలి. బాణానికి ఒక మార్కు చొప్పున మూడూ పోయాయి. H, Br రెండింటినీ యాంటీగా చక్కగా చూపించావు, సరైన ఆల్కీన్‌నే మేజర్ అన్నావు, ఆ 2 మార్కులు అందుకే.

ఇక 3(బి), ఆసిడ్‌లో ఇథైల్ ఎసిటేట్ హైడ్రాలిసిస్. ఇక్కడ మొదటి బాణం H⁺ నుంచి కార్బొనిల్ ఆక్సిజన్‌కి గీశావు. H⁺ దగ్గర ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు. జేబులో రూపాయి లేనివాడు అప్పిచ్చినట్టుంది ఇది. చివరి స్టెప్పులోనూ ఇదే తప్పు ఉంది. ఒకే తప్పుకి రెండుసార్లు కట్ చేయడం న్యాయం కాదని అక్కడ వదిలేశాను.

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది రెండో స్టెప్పు. నీళ్ల ఆక్సిజన్ నుంచి కార్బొనిల్ కార్బన్‌కి బాణం బాగుంది. కానీ C=O లోని π బంధం నుంచి ఆక్సిజన్ మీదికి వెళ్లాల్సిన బాణం లేదు. లెక్కపెట్టు: CH₃తో ఒకటి, OC₂H₅తో ఒకటి, డబుల్ బాండ్ రెండు, ఇప్పుడు నీళ్లతో ఇంకొకటి. కార్బన్‌కి ఐదు బంధాలు! కింది లైన్లో మాత్రం టెట్రాహెడ్రల్ ఇంటర్మీడియట్ ఛార్జితో సహా పర్ఫెక్టుగా ఉంది. అంటే అది బాణాల్లోంచి వచ్చింది కాదు, నోట్స్ గుర్తుండి రాసింది. తిట్టడం లేదు, నేనూ డిగ్రీలో అలాగే నెట్టుకొచ్చాను. చూడని సబ్‌స్ట్రేట్ ఇచ్చిన రోజు దొరికిపోయాను.

మిగతావి చిన్నవి. ప్రోటాన్ ట్రాన్స్‌ఫర్ దగ్గర బాణాలు లేకుండా "H⁺ షిఫ్ట్" అని రాసి వదిలేశావు, 1 మార్కు పోయింది. రెజొనెన్స్ రూపాల మధ్య ఈక్విలిబ్రియం గుర్తు పెట్టావు, ½ పోయింది. అక్కడ రెండు మొనలున్న ఒకే బాణం ఉండాలి. ఒకచోట బాణానికి సగం మొనే ఉంది, అది ఒక్క ఎలక్ట్రాన్‌కి వాడేది. తొందరలో పడిందని వదిలేశాను. ఇథనాల్ బయటికి పోయే స్టెప్పులో మాత్రం రెండు బాణాలూ తప్పులేకుండా ఉన్నాయి: OH లోన్ పెయిర్ కిందికి దిగడం, C–O బంధం తెగడం. అది చేయగలిగినదానివి మిగతావీ చేయగలవు.

ఒక పని చెయ్యి. 3(బి)ని తెల్లకాగితం మీద, పెన్సిల్‌తో, లోన్ పెయిర్లన్నీ చుక్కలు పెట్టి మళ్లీ గీయి. ప్రతి బాణం తోక ఏదో ఒక చుక్కల జంట మీదో, బంధం గీత మీదో ఆనాలి. ఆ తర్వాతే కింది అణువు గీయి, నోట్స్ తెరవకు.

గురువారం నాలుగింటికి ల్యాబ్ అయ్యాక ఆ కాగితం, ఆన్సర్ షీటు రెండూ పట్టుకురా. ఎక్కడైనా నేను ఎక్కువ కట్ చేశాననిపిస్తే అప్పుడే చెప్పు, మార్కులు శుక్రవారం మేడమ్‌కి ఇచ్చేస్తున్నాను.

– మీ ఆర్గానిక్ టీఏ